కలెక్టర్ గారికి అర్జీ: గౌరవం ఎక్కడ ఉండాలి, ఎంత ఉండాలి?

సోమవారం వచ్చిందంటే జిల్లా కలెక్టరేట్ల ముందు అర్జీలు పట్టుకున్న జనం బారులు తీరుతారు. తెలంగాణలో ఆ కార్యక్రమాన్ని ప్రజావాణి అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో దాని పేరు ఇప్పుడు ప్రజా సమస్యల పరిష్కార వేదిక. గేటు బయట టైపింగ్ షాపుల్లో, చెట్ల కింద బల్లల దగ్గర అర్జీలు తయారవుతుంటాయి. విషయం ఎవరిదైనా మొదటి రెండు వరుసలు, చివరి రెండు వరుసలు మాత్రం చాలావరకు ఒకే నమూనాలో ఉంటాయి.

ఆ కాగితం లోపలికి వెళ్ళాక ఏమవుతుందో తెలిస్తే దాన్ని ఎలా రాయాలో సగం తెలిసినట్టే. కలెక్టర్ దాన్ని చూసేది కొద్ది క్షణాలు. విషయమేమిటో గ్రహించి, సంబంధిత అధికారికి పంపమని రాసి సంతకం చేస్తారు. ఆ తర్వాత అర్జీ కిందికి దిగుతుంది. భూమి సంగతైతే ఆర్డీవో మీదుగా తహశీల్దారు దగ్గరికి చేరుతుంది. అంటే, మనం ఎవరి మీద మొర పెట్టుకున్నామో చాలాసార్లు చివరికి ఆ కాగితం వారి బల్ల మీదికే వస్తుంది. కలెక్టరుకు రాసే ఉత్తరానికి ఎప్పుడూ ఇద్దరు పాఠకులు ఉంటారు. గౌరవ వాచకాల గురించి ఆలోచించేటప్పుడు ఈ రెండో పాఠకుడిని దాదాపు అందరూ మరిచిపోతారు.

ఇంకో మాట. తెలుగులో రాస్తే చిన్నచూపు చూస్తారేమోనన్న సంకోచం అక్కర్లేదు. కేంద్రంలోగాని రాష్ట్రంలోగాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అధికారులకు తమ ఇబ్బందిని విన్నవించుకునే హక్కు ప్రతి ఒక్కరికీ ఉందని రాజ్యాంగం 350వ అధికరణం చెబుతోంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఆంధ్రప్రదేశ్‌లోని ఒక గ్రామంలో భర్త చనిపోయిన ఒక రైతు మహిళ ఉందనుకోండి. ఆయన పేరున ఉన్న పొలాన్ని తన పేరున మార్చమని తహశీల్దారు కార్యాలయంలో అర్జీ ఇచ్చింది. నెలలు గడిచినా జవాబు లేదు. ఇప్పుడు కలెక్టరుకు రాయాలి. ఆ జిల్లా కలెక్టర్ కూడా మహిళే. బల్ల దగ్గర తయారైన చిత్తుప్రతి ఇలా ఉంటుంది:

"మహారాజశ్రీ గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారి దివ్యసముఖమునకు. అయ్యా, నమస్కరించి వ్రాయునది ఏమనగా, మాది నిరుపేద కుటుంబం. నా భర్త చనిపోయి ఏడాది కావస్తోంది. తన పేరున ఉన్న భూమిని నా పేరున మార్చమని తహశీల్దారుకి అర్జీ ఇచ్చుకున్నాను. వాళ్ళు పట్టించుకోవడం లేదు. వి.ఆర్.ఓ. గారు రోజుకో మాట చెబుతున్నాడు. తమ కార్యాలయంలో అడగమన్నాడు. తమరు దేవుడి లాంటి వారు. మీరు తహశీల్దారుని పిలిచి గట్టిగా అడగాలి. దయచేసి నాకు పాసుపుస్తకం ఇవ్వగలరని తమరి పాదములకు నమస్కరించి వేడుకొనుచున్నాను. ఇట్లు, తమ విధేయుడు."

ఇందులో గౌరవానికి లోటు లేదు. కానీ అది ఉండవలసిన చోట లేదు. సంబోధనలోనూ విశేషణాల్లోనూ పొంగిపొర్లి, క్రియల దగ్గరికి వచ్చేసరికి ఎండిపోయింది. తెలుగులో మర్యాద ప్రధానంగా మూడు చోట్ల ఉంటుంది: సర్వనామంలో, గారు అన్న మాటలో, క్రియ చివర. ఆ మూడూ ఒకదానితో ఒకటి పొత్తు కుదిరి మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా ఒకే మెట్టు మీద నిలబడితే మరే అలంకారమూ అక్కర్లేదు.

పైనుంచి మొదలుపెడదాం. మహారాజశ్రీ, దివ్యసముఖము అనేవి సంస్థానాల, జమీందారీల కాలపు ఉత్తరాల నుంచి వచ్చిన మాటలు. ఆనాడు అర్జీ అంటే ప్రభువు దయ కోసం పెట్టుకునేది. ఈనాటి కలెక్టర్ చట్టప్రకారం పని చేసే ప్రభుత్వాధికారి. పై స్థాయిలో కూడా ఈ బరువు ఎప్పుడో తగ్గింది. 2012లో ప్రణబ్ ముఖర్జీ రాష్ట్రపతిగా ఉన్నప్పుడు, దేశంలోపల రాష్ట్రపతిని, గవర్నర్లను 'హిజ్ ఎక్సలెన్సీ' అనడం మానేసి 'ఆనరబుల్' అంటే చాలని నిర్ణయించారు. మన ఘనత వహించిన, మహామహులైన లాంటి మాటలు ఆ పాత పద్ధతికి చెందినవే. దేశ ప్రథమ పౌరుడికే గౌరవనీయులైన అన్న మాట సరిపోతున్నప్పుడు జిల్లా అధికారికి అంతకు మించి ఎందుకు?

పేరు రాయాలా, హోదా రాయాలా అన్న ప్రశ్న కూడా ఇక్కడే వస్తుంది. హోదాకే రాయడం మేలని నా అభిప్రాయం. అధికారులు బదిలీ అవుతుంటారు, అర్జీ మాత్రం ఆ కుర్చీలో ఎవరున్నా చెల్లాలి. అధికారి మహిళ అయినప్పుడు శ్రీమతి అనాలా, కుమారి అనాలా అన్న ఇబ్బందీ తప్పుతుంది. పేరు రాసి తీరాలనుకుంటే, పేరు తర్వాత ఒక్క గారు చాలు. పేరుకో గారు, హోదాకో గారు అక్కర్లేదు. గారుకు, వారుకు ఉన్న తేడా కూడా గుర్తుంచుకోవాలి. గారు మనిషికి, ఆ మనిషి కూర్చున్న పదవికి చేరుతుంది: కలెక్టర్ గారు, తహశీల్దారు గారు. వారు సంస్థకు చేరుతుంది: బ్యాంకు వారు, దేవస్థానం వారు, కోర్టు వారు. ప్రభుత్వం గారు అని ఎవరూ అనరు. అలాగే కలెక్టర్ వారికి అన్నా చెవికి పొసగదు.

ఇక అయ్యా. కలెక్టర్ మహిళ అయినా నమూనాలో ఉన్న అయ్యా అలాగే మిగిలిపోవడం తరచూ కనిపించే లోపం. తన కోసం రాసిన ఉత్తరం కాదని చదివేవారికి మొదటి అక్షరంలోనే తెలిసిపోతుంది. అమ్మా అని రాయవచ్చు, తప్పులేదు. అధికారి ఎవరో తెలియనప్పుడు కొందరు 'అయ్యా/అమ్మా' అని గీత పెట్టి రాస్తారు, అది ఖాళీలు పూరించే ఫారంలా ఉంటుంది. అన్నిటికంటే తేలికైన దారి, "గౌరవనీయులైన కలెక్టర్ గారికి నమస్కారాలు" అని మొదలుపెట్టడం. గౌరవనీయులైన అన్నది గౌరవ బహువచనం కాబట్టి ఆడవారికీ మగవారికీ ఒకటే. ఆమె కదా అని గౌరవనీయురాలైన అని మార్చారంటే ఏకవచనంలోకి దించేసినట్టే.

మహిళా అధికారుల విషయంలో క్రియను ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. మన మాటల్లో ఆమె వచ్చింది, చెప్పింది అనడం అంత అలవాటు కనుక, "కలెక్టర్ గారు మా ఊరికి వచ్చినప్పుడు హామీ ఇచ్చింది" అని చేయి దానంతటదే రాసేస్తుంది. గారు అన్న తర్వాత ఇచ్చింది అంటే, ముందు పెట్టిన నమస్కారం వెనక్కి తీసుకున్నట్టు. ఇచ్చారు అనే ఉండాలి.

చిత్తుప్రతిలో తమరు, తమరి, తమ, మీరు అన్నీ ఉన్నాయి. ఒక వాక్యంలో మీరు, మరో వాక్యంలో తమరు అని రాస్తే గౌరవం పెరగదు. రాసేవారికి ఏ మెట్టు మీద నిలబడాలో తెలియలేదని మాత్రం తెలుస్తుంది. ఏదో ఒకటి ఎంచుకోవాలి. నేనైతే మీరు అనే అంటాను. తమరు పాతతరం వారి నోట ఎంతో అందంగా ఉంటుంది, ఆ అలవాటున్నవారు చివరిదాకా తప్పకుండా రాయగలిగితే రాయవచ్చు. కానీ తమ అన్న రూపంలో ఒక చిక్కు ఉంది. తెలుగులో తమ అంటే గౌరవంగా మీ అనే కాదు, వారి సొంత అని కూడా. "వి.ఆర్.ఓ. గారు తమ కార్యాలయంలో అడగమన్నారు" అంటే ఎవరి కార్యాలయం? వి.ఆర్.ఓ. గారిదా, కలెక్టర్ గారిదా? ఆ మహిళ ఉద్దేశం కలెక్టర్ కార్యాలయం. కాగితం చదివినవారికి మాత్రం వి.ఆర్.ఓ. తన ఆఫీసుకే రమ్మన్నాడని అర్థమైనా ఆశ్చర్యం లేదు. అలాంటప్పుడు సర్వనామాన్నే వదిలేసి కలెక్టర్ కార్యాలయంలో అని రాస్తే మర్యాదకూ లోటు రాదు, అర్థమూ చెడదు.

పల్లెల్లో వయసు మళ్ళినవారు కలెక్టరును పట్టుకుని "నువ్వే మాకు దిక్కు సారూ" అనడం వింటుంటాం. ఎదురుగా నిలబడి చెప్పినప్పుడు ఆ గొంతులోని ఆప్యాయత అధికారికి వినపడుతుంది, అందులో అమర్యాద ఏమీ లేదు. కాగితానికి గొంతు లేదు కాబట్టి అక్కడ మీరు తప్పనిసరి. సార్, సారు అన్న పిలుపూ అంతే. ఎదుట నిలబడినప్పుడు సరిపోతుంది, ఉత్తరంలో గారు అనాలి.

మా, మన అన్న తేడా చిన్నదే అయినా చెప్పాలి. మన అంటే వినేవారు కూడా అందులో ఉన్నారని. మన జిల్లా అని కలెక్టరుకు రాయవచ్చు, ఆయన ఆ జిల్లాకు అధికారి కదా. మన ఊరి చెరువు అని రాస్తే చనువు తీసుకున్నట్టు ఉంటుంది. అక్కడ మా ఊరి చెరువు.

ఇప్పుడు ఆ రెండో పాఠకుడి దగ్గరికి వద్దాం. చిత్తుప్రతిలో వి.ఆర్.ఓ. గారు అని మొదలై చెబుతున్నాడు అని ముగిసిన వాక్యముంది. తహశీల్దారుకు గారు కూడా లేదు, పైగా వాళ్ళు అయ్యారు. కోపం వస్తే మన భాషలో అది మొదట క్రియల్లోనే బయటపడుతుంది, చెప్పారు కాస్తా చెప్పాడు అవుతుంది. ఆ కోపానికి కారణం ఉండవచ్చు. కానీ పైఅధికారి ముందు కిందిఅధికారిని ఏకవచనంలో ప్రస్తావిస్తే అర్జీ కాస్తా జగడంలా కనిపిస్తుంది. కలెక్టర్ ఆ కాగితాన్ని పంపబోయేది కూడా ఆ తహశీల్దారు గారికే. ఫిర్యాదు ఎవరి మీదో వారికీ అదే గారు, అదే బహువచనం ఇవ్వాలి. మొర తీవ్రత తేదీల్లో చూపించాలి. "వాళ్ళు పట్టించుకోవడం లేదు" అన్నది అభిప్రాయం, కాదనడం తేలిక. "ఆగస్టు 19న అర్జీ ఇచ్చాను, ఇంతవరకు జవాబు అందలేదు" అన్నది ఫైలులో తేలే విషయం, కాదనలేరు. అందులో ఎవరినీ ఒక్క మాటా అనలేదు కూడా.

మరణించిన భర్త గురించి రాసేటప్పుడు తన పేరున అనడం ఈమధ్య వచ్చిన అలవాటు. ఉత్తరంలో ఆయన అనే ఉండాలి. స్వర్గస్థులయ్యారు, కాలధర్మం చెందారు లాంటి మాటలు శుభలేఖల పక్కన వచ్చే కర్మకాండల పత్రికలకు సరిపోతాయి. జతచేసేది మరణ ధ్రువీకరణ పత్రం కాబట్టి మరణించారు అంటే చాలు.

అన్నిటికంటే ముఖ్యమైనది కోరిక చెప్పే వాక్యం. అర్జీ అంతా ఆ ఒక్క క్రియ కోసమే. ఇవ్వండి అంటే మర్యాదే, కానీ ఎదురుగా ఉన్నవారితో అనే మాట. ఇవ్వాలి అంటే ఆజ్ఞ. సంఘాల వినతిపత్రాల్లో, పదిమంది కలిసి డిమాండ్ చేసేటప్పుడు అది చెల్లుతుంది, ఒక్క మనిషి అర్జీలో చెల్లదు. అందుకే "తహశీల్దారుని పిలిచి గట్టిగా అడగాలి" అన్న వాక్యం మార్చాలి. అధికారి తన కిందివారితో ఎలా మాట్లాడాలో చెప్పడం మన పని కాదు. ఇవ్వగలరు అన్నది వినయంగానే ఉంటుంది కానీ ఆహ్వాన పత్రికల్లో, ఆఫీసు నోటీసుల్లో ఎక్కువగా వాడి వాడి కాస్త పలచబడింది. ఉత్తరం చివర చిన్న కోరికకు బాగుంటుంది. అసలు కోరికకు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను అన్న రూపమే నిలకడగా ఉంటుంది.

అందులోనూ ఒక మెలకువ ఉంది. మ్యుటేషన్ చేయవలసింది తహశీల్దారు. ఆ పని కలెక్టర్ తన చేత్తో చేయరు, చేయిస్తారు. తెలుగులో ఆ తేడా క్రియలోనే పలుకుతుంది. ఇప్పించవలసిందిగా, జరిపించవలసిందిగా, విచారణ చేయించవలసిందిగా అని రాసినప్పుడు, మీకు ఆ అధికారం ఉందని చెప్పకుండానే చెప్పినట్టవుతుంది. దేవుడి లాంటి వారు అన్న పొగడ్త కంటే ఇప్పించు అన్న క్రియలో ఎక్కువ గౌరవముంది. వ్యవహారం ఎలా నడుస్తుందో అర్జీదారుకు తెలుసన్న సంగతీ దానివల్ల తెలుస్తుంది.

వేడుకొంటున్నాను, ప్రార్థిస్తున్నాను, పాదములకు నమస్కరించి అన్న మాటల గురించి గట్టిగానే చెప్పాలి. వారసత్వంగా వచ్చిన భూమి తన పేరున మారడం ఆమె హక్కు. హక్కుగా రావలసినదాన్ని కోరుతున్నాను అనాలి. ముఖ్యమంత్రి సహాయనిధి నుంచి వైద్యానికి డబ్బు అడిగే ఉత్తరం వేరు, అక్కడ ఇవ్వడం ఇవ్వకపోవడం వారి విచక్షణ. మనవి చేస్తున్నాను, విజ్ఞప్తి చేస్తున్నాను అన్న మాటలు అక్కడ ఒప్పుతాయి. పాదాల ప్రస్తావన రెండు చోట్లా వద్దు. ఇచ్చుకున్నాను, విన్నవించుకుంటున్నాను అన్నవాటిలోని కొను కూడా రాసేవారిని కొద్దిగా కిందికి దించే రూపమే. ఉత్తరంలో ఒక్కసారి వస్తే వినయం, ప్రతి వాక్యంలోనూ వస్తే దైన్యం.

భాష పాతదా కొత్తదా అన్నది కూడా ఒకచోట తేల్చుకోవాలి. వ్రాయునది ఏమనగా, వేడుకొనుచున్నాను అన్నవి గ్రాంథికం. చనిపోయి, అడగమన్నాడు అన్నవి వాడుక. గిడుగు రామమూర్తి తరం పోరాటం తర్వాత పత్రికలూ పుస్తకాలూ వాడుక భాషకు మారాయి, అర్జీ తల, తోక మాత్రం పాత భాషలో ఉండిపోయాయి. వాడుక తెలుగులో నిండుగా గౌరవం చూపవచ్చు: కోరుతున్నాను, తెలియజేస్తున్నాను, జతచేశాను. మొదటి నుంచి చివరి దాకా అదే ఉంటే చాలు.

సంతకం దగ్గర ఆమె విధేయుడు అయిపోయింది. ఇది నమూనా చేసిన పని. విధేయురాలు అని లింగం సరిచేసినా, ఆ మాట ఉద్యోగి తన పైఅధికారికి రాసేటప్పుడు అతికినంతగా పౌరురాలికి అతకదు. భవదీయురాలు సరిపోతుంది. ఊరివారంతా కలిసి సంతకాలు పెడితే భవదీయులు.

ఇవన్నీ సరిచూశాక ఆ ఉత్తరం ఇలా ఉంటుంది:

"జిల్లా కలెక్టర్ గారికి.

విషయం: సర్వే నంబరు 118/2లోని 2 ఎకరాల 10 సెంట్ల భూమికి వారసత్వ మ్యుటేషన్ గురించి.

గౌరవనీయులైన కలెక్టర్ గారికి నమస్కారాలు.

మా గ్రామంలో పై సర్వే నంబరులోని భూమి నా భర్త పేరున ఉంది. ఆయన 2024 మే 6న మరణించారు. ఆ భూమిని నా పేరున మార్చాలని కోరుతూ 2024 ఆగస్టు 19న తహశీల్దారు గారి కార్యాలయంలో అర్జీ ఇచ్చాను. ఇంతవరకు జవాబు అందలేదు. ఫిబ్రవరిలో గ్రామ రెవెన్యూ అధికారి గారిని అడిగితే, కలెక్టర్ కార్యాలయంలో విచారించమని చెప్పారు. అందువల్ల ఈ విషయాన్ని మీ దృష్టికి తెస్తున్నాను.

నా అర్జీని పరిశీలింపజేసి, మ్యుటేషన్ జరిపించి, పట్టాదారు పాసుపుస్తకం ఇప్పించవలసిందిగా కోరుతున్నాను. పత్రాల్లో ఏదైనా లోపం ఉంటే రాతపూర్వకంగా తెలియజేయించగలరు.

అర్జీ రసీదు, మరణ ధ్రువీకరణ పత్రం, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, మా ఇద్దరు పిల్లల సమ్మతి పత్రాల నకళ్ళు జతచేశాను.

భవదీయురాలు."

కింద పేరు, ఊరు, ఫోను నంబరు, తేదీ.

ఈ ఉత్తరంలో గారు నాలుగుసార్లే వచ్చింది. మీ ఒక్కసారే. పొగడ్త ఎక్కడా లేదు. అయినా ఎవరికీ మర్యాద తగ్గలేదు, ఎందుకంటే ప్రతి క్రియా ఎవరికి చెందాలో వారికి సరిగ్గా చెందింది. మీ ఉత్తరం ఇలా నిలిచిందో లేదో చూసుకోవడానికి తేలికైన పద్ధతి ఒకటుంది. గట్టిగా చదువుతూ క్రియల చివరలు మాత్రమే వినండి. రాసిన మీ గురించి కానప్పుడు ఎక్కడ డు అనో ది అనో వినిపించినా ఆగి, అది ఎవరి గురించో చూడండి. భూమి ఉంది, జవాబు రాలేదు లాంటివి పరవాలేదు. మనిషి గురించైతే మార్చండి. ఆ తర్వాత మీరు, తమరు అన్నవి రెండూ ఉన్నాయేమో వెతకండి. రెండు నిమిషాల పని.

కలెక్టరేట్ల ముందు అర్జీలు రాసిపెట్టేవారికి, బడిలో ఉత్తర లేఖనం నేర్పే ఉపాధ్యాయులకు ఒక విన్నపం. మీ కంప్యూటర్లో, మీ నోట్సులో ఉన్న ఆ పాత నమూనాలోంచి దివ్యసముఖము, అయ్యా, విధేయుడు అన్న మూడు మాటలు తీసేయండి. వాటి స్థానంలో గౌరవనీయులైన, నమస్కారాలు, భవదీయుడు లేదా భవదీయురాలు అని పెట్టండి. మీ దగ్గరికి వచ్చేవారిలో చాలామంది తమ జీవితంలో అధికారికి రాసే ఉత్తరం అదొక్కటే.